వరద నివేదికలో ఆఖరి గడికే అసలు విలువ
లంకలకు ఏమి కావాలో ఒక రోజు ముందుగా అడగకపోతే అడిగినా ప్రయోజనం స్వల్పం

అమలాపురం: గోదావరికి వరద వచ్చినప్పుడల్లా జిల్లా కలెక్టరు కార్యాలయం నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి పరిస్థితి నివేదికలు వెళుతూ వుంటాయి. వాటిలో మూడు భాగాలు వుంటాయి. ఎన్ని గ్రామాలకు, ఎంతమందికి ముప్పు వాటిల్లింది అన్నది మొదటిది. యంత్రాంగం ఇంతవరకు ఏమి చేసింది అన్నది రెండవది. ఇంకా ఏమి కావాలి అన్నది మూడవది. మొదటి రెండు భాగాల్లోని అంకెలే మర్నాటి పత్రికల్లో కనిపిస్తాయి. మూడవ భాగం తరచు "మరికొన్ని పడవలు, తాగునీరు అవసరం" అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది.

నిజానికి ఆ చివరి వాక్యం మీదనే లంక గ్రామాల ప్రజల మర్నాటి బ్రతుకు ఆధారపడి వుంటుంది. మొదటి రెండు భాగాలు జరిగిపోయిన సంగతులు. రాజధానిలో వున్న అధికారి వాటిని చదివి తెలుసుకోవడమే తప్ప చేయగలిగింది లేదు. మూడవ భాగం చూసే ఆయన ఎవరికైనా ఫోను చేసి ఏదైనా పంపగలుగుతాడు. ఎన్ని పడవలు, ఏ రేవుకు, ఏ గంటకు అన్నది ఆ గడిలో లేకపోతే ఆయన చేతిలో వున్నది అభ్యర్థన కాదు, ఆవేదన మాత్రమే.

భద్రాచలం ఇచ్చే గడువు

2022 జూలైలో వచ్చిన గోదావరి వరద ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. ఆ నెల 16వ తేదీ తెల్లవారుజామున భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులు మాత్రమే. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరువాత ఇంతటి మట్టం అక్కడ మళ్ళీ కనిపించలేదు. ఆ నీరు దిగువకు వచ్చి ధవళేశ్వరం బ్యారేజి వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. బ్యారేజికి వున్న 175 గేట్లూ ఎత్తి వచ్చిన నీటిని వచ్చినట్లే సముద్రంలోకి వదిలారు.

తుపానుకు, గోదావరి వరదకు పెద్ద తేడా వుంది. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో చివరి గంటల వరకు కచ్చితంగా చెప్పలేరు. గోదావరి వరద మాత్రం చెప్పి వస్తుంది. భద్రాచలంలో ఈ రోజు ఎంత వుందో చూస్తే ధవళేశ్వరంలో రేపు ఎంత వుంటుందో అంచనా వేయవచ్చు. ఆ దూరం ప్రయాణించడానికి వరదకు సుమారు ఒక రోజు పడుతుంది. శబరి నుంచి వచ్చే నీరు కూనవరం వద్ద కలుస్తుంది కనుక దానిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అయినా కోనసీమ అధికారులకు ప్రకృతి ఇచ్చిన ఈ ఒక్క రోజు గడువు ఇతర జిల్లాల్లో చాలామందికి లేదు.

ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండవది 13.75, మూడవది 17.75 అడుగులు. పత్రికల దృష్టి మూడవ హెచ్చరిక మీదనే వుంటుంది. లంకవాసుల కష్టాలు మాత్రం అంతకు ఎంతో ముందే మొదలవుతాయి. ఏటిగట్టు నుంచి లంకలోకి వెళ్ళే కాజ్‌వే పల్లంలో వుంటుంది. అన్నింటికంటే ముందు మునిగేది అదే. ఆ తరువాత ఇళ్ళలోకి చుక్క నీరు రాకపోయినా ఊరు బయటి ప్రపంచానికి దూరమైపోతుంది. అప్పటివరకు ట్రాక్టరు మీద వెళ్ళిన సరుకు ఇక పడవ మీదే వెళ్ళాలి.

కనుక నివేదికలో చూడవలసిన మొదటి సంగతి అంకె కాదు, సమయం. గ్రామ రెవెన్యూ అధికారి చూసి చెప్పిన సంఖ్య తహసిల్దారుకు, అక్కడి నుంచి ఆర్.డి.ఓ.కు, తరువాత కలెక్టరేటు కంట్రోల్ రూముకు చేరుతుంది. అన్నీ కూడి, సంతకం అయి, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు వెళ్ళేసరికి కొన్ని గంటలు గడుస్తాయి. "ఉదయం 8 గంటల పరిస్థితి" అన్న నివేదికలోని కొన్ని అంకెలు ముందు రోజు సాయంత్రానివి అయి వుండవచ్చు. వరద పెరుగుతున్నప్పుడు నిన్నటి లెక్కను బట్టి నేటి అవసరాన్ని కోరితే, కోరినది వచ్చేసరికి అవసరం రెట్టింపు అవుతుంది.

బాధితులు అంటే ఎవరు?

నివేదికలో "వరద ప్రభావిత గ్రామాలు" అని ఒక సంఖ్య వుంటుంది. ఇందులో రెండు రకాల గ్రామాలు కలిసి వుంటాయి. మొదటి రకం నీట మునిగినవి. అంటే ఇళ్ళలోకి నీరు చేరినవి. రెండవ రకం నీరు చుట్టుముట్టినవి. ఇళ్ళు మెరక మీద క్షేమంగా వుంటాయి, దారి మాత్రం వుండదు. మొదటి రకానికి కావలసింది మనుషులను తరలించడం. రెండవ రకానికి కావలసింది సరుకులు చేరవేయడం. ఈ రెంటినీ కలిపి ఒకే సంఖ్యగా రాస్తే ఎవరికి ఏది పంపాలో పైవారికి అర్థం కాదు.

ఇటువంటి చిక్కే "తరలించిన వారు" అన్న గడిలో కూడా వుంది. వరద మొదలైన నాటి నుంచి మొత్తం ఎంతమందిని తరలించారన్నది ఒక లెక్క. ఈ రాత్రి పునరావాస కేంద్రంలో ఎంతమంది పడుకుంటున్నారన్నది మరొక లెక్క. మొదటిది రోజురోజుకు పెరుగుతుందే గాని తగ్గదు. రెండవది పెరుగుతుంది, తగ్గుతుంది. కేంద్రానికి వచ్చినవారిలో కొందరు బంధువుల ఇళ్ళకు వెళ్ళిపోతారు, కొందరు పగలు వెళ్ళి పశువులను చూసుకుని రాత్రికి వస్తారు. అన్నం వండవలసింది రెండవ లెక్కకు. పేరు గొప్పగా కనిపించేది మొదటి లెక్కకు.

ఆహార పొట్లాల సంగతి కూడా ఇంతే. మూడు వేల పొట్లాలు పంచారంటే మూడు వేల మంది కడుపు నిండిందని అర్థం కాదు. రోజుకు మూడు పూటల చొప్పున వెయ్యి మందికి అన్నం అందిందని అర్థం. అది కూడా వండిన పొట్లాలు, చేతికి అందిన పొట్లాలు ఒకటే అయినప్పుడు. పట్టణంలో ఉదయం కట్టిన పొట్లం రేవుకు చేరి, పడవ కోసం ఎదురు చూసి, మధ్యాహ్నం మూడింటికి లంకకు చేరితే ఆ అన్నం పాడై వుంటుంది. నివేదికలో మాత్రం అది ఇచ్చినట్లే లెక్క.

కేంద్రానికి రాని వారి మాటేమిటి?

అన్నింటికంటే పెద్ద లోపం మరొక చోట వుంది. నివేదిక కేంద్రాల్లో వున్నవారిని లెక్కిస్తుంది. లంకల్లో ఎక్కువమంది కేంద్రాలకు రారు. ఎందుకు రారన్నది ఆ ప్రాంతం తెలిసిన వారికి ఆశ్చర్యం కాదు. పాడి గేదెలను వదిలి రావడానికి ఎవరూ ఇష్టపడరు. కొబ్బరి, అరటి తోటల మధ్య ఇళ్ళు దూరదూరంగా వుంటాయి కనుక సామానుకు కాపలా కావాలి. డాబా వున్నవారు మేడ ఎక్కుతారు, లేనివారు డాబా వున్నవారి ఇంటికి చేరతారు. 1986ను చూసిన పెద్దలు వున్న ఇళ్ళలో, నీరు ఎంతవరకు వస్తుందో తమకు తెలుసునన్న ధీమా కూడా వుంటుంది.

వీరు మొండివారని అధికారులు విసుక్కోవడం మామూలు. పశువులకు చోటు చూపకుండా మనుషులను మాత్రమే రమ్మంటే రాకపోవడం మొండితనం కాదు. ఒక గేదె పోతే ఒక పేద కుటుంబానికి ఏడాది ఆదాయం పోతుంది. పశువులను ముందుగా ఏటిగట్టు మీదికి తోలుకుని వచ్చే ఏర్పాటు, అక్కడ గడ్డి, నీరు వుంటే మనుషులు వారంతట వారే వెంట వస్తారు. ఈ పని కాజ్‌వే మునగకముందు జరగాలి. తరువాత పడవలో గేదెను ఎక్కించడం సాధ్యమయ్యే పని కాదు.

ఇది లంకలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ తదితర ప్రాంతాలు మునిగినప్పుడు కూడా వేలాది కుటుంబాలు పై అంతస్తుల్లోనే వుండిపోయాయి. ముందు వీధుల వారికి అందిన ఆహారం లోపలి వీధుల వారికి అందక, హెలికాప్టర్లతోను, డ్రోన్లతోను పొట్లాలు జారవిడవవలసి వచ్చింది. పట్టణంలోనే అటువంటి పరిస్థితి ఏర్పడితే నది పాయల మధ్య వున్న లంకల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక లంక లెక్క

మూడవ గడిని ఎలా నింపాలో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఒక లంకలో 400 కుటుంబాలు, 1,500 మంది జనం, 500 పశువులు వున్నాయనుకుందాం. వారిలో 300 మంది గట్టు అవతలి పాఠశాలలో పెట్టిన కేంద్రానికి వచ్చారు. 1,200 మంది లంకలోనే వున్నారు. రెండు ఇంజను పడవలు పంపారు. మామూలు నివేదికలో ఇది ఇలా వుంటుంది: "ప్రభావిత జనాభా 1,500. పునరావాస కేంద్రంలో 300 మంది. రెండు పడవలు ఏర్పాటు చేయడమైనది. పరిస్థితి అదుపులో వున్నది."

ఇప్పుడు నీటి లెక్క చూడాలి. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు కనీసం 3 లీటర్ల తాగునీరు ఇవ్వాలి. 1,200 మందికి 3,600 లీటర్లు. 20 లీటర్ల టిన్నుల్లో అయితే 180 టిన్నులు. ఒక పడవ క్షేమంగా 30 టిన్నులు మోయగలదనుకుంటే ఆరు విడతలు వెళ్ళాలి. ఎక్కించి, పాయ దాటి, దించి, ఖాళీ టిన్నులతో తిరిగి రావడానికి గంటన్నర పడితే మొత్తం తొమ్మిది గంటలు. జూలైలో పగలు పన్నెండు, పదమూడు గంటలు. అంటే ఒక పడవ దాదాపు పగలంతా నీళ్ళకే సరిపోతుంది.

తరువాత పశువులు. పెద్ద పశువుకు రోజుకు ఆరు కిలోల ఎండుగడ్డి చొప్పున 500 పశువులకు మూడు టన్నులు కావాలి. వరిగడ్డికి బరువు తక్కువ, చోటు ఎక్కువ. పడవకు 300 కిలోలకు మించి పట్టదనుకుంటే పది విడతలు, పదిహేను గంటలు. ఒక పగటిలో ఒక పడవతో అయ్యే పని కాదు. గడ్డికే రెండు పడవలు కావాలి. అన్నం, పాలు, పిల్లల ఆహారం ఇల్లిల్లూ తిరిగి ఇవ్వడానికి ఒక పడవ వుండాలి. గర్భిణీ స్త్రీకి నొప్పులు వచ్చినా, ఎవరినైనా పాము కరిచినా ఆసుపత్రికి తేవడానికి ఒక పడవ ఏ పనికీ పంపకుండా రేవులో నిలిపి వుంచాలి.

అన్నీ కలిపితే ఐదు. వున్నవి రెండు. కాబట్టి మూడవ గడిలో రాయవలసింది "మరికొన్ని పడవలు" అని కాదు. "ఫలానా రేవుకు రేపు ఉదయం ఆరు గంటలకు మూడు ఇంజను పడవలు, ఆరుగురు సరంగులు, మూడు రోజులకు సరిపడే డీజిలు, అరవై లైఫ్ జాకెట్లు" అని రాయాలి. ఇలా రాస్తే పైవారు పంపినా, పంపకపోయినా తేలిపోతుంది. మర్నాటి నివేదికలో అదే గడిని చూసి ఎన్ని వచ్చాయో అడగవచ్చు.

కేంద్రంలో వున్న 300 మంది లెక్క కూడా ఇలాగే తేల్చాలి. ప్రమాణాల ప్రకారం మనిషికి మూడున్నర చదరపు మీటర్ల నీడ, 30 మందికి ఒక మరుగుదొడ్డి వుండాలి. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు వున్న తరగతి గదిలో 13 మందికే చోటు. ఎనిమిది గదుల పాఠశాలలో వంద మందికి కొంచెం పైన. ప్రతి ముగ్గురిలో ఇద్దరు వరండాలో వున్నట్లే. మరుగుదొడ్లు పది కావాలి. నాలుగే వుంటే రెండవ రోజుకల్లా ఆడవారు కేంద్రం వదిలి బంధువుల ఇంటికో, లంకకో తిరిగి వెళ్ళిపోతారు. కేంద్రంలో జనం తగ్గారని నివేదిక సంతోషంగా రాస్తుంది.

ట్రాక్టరా, పడవా?

పై లెక్కలో గమనించవలసిన అసలు విషయం ఇంకొకటి వుంది. 3,600 లీటర్ల నీటిని చేర్చడానికి వరద రోజున పడవకు తొమ్మిది గంటలు పట్టింది. కాజ్‌వే మునగకముందు అదే నీరు ఒకటి రెండు ట్రాక్టరు లోడ్లు. మూడు టన్నుల గడ్డి కూడా మరికొన్ని లోడ్లతో అయిపోతుంది. మూడు రోజులకు సరిపడే నీరు, గడ్డి, బియ్యం, కిరాణా సరుకులు ముందుగానే లంకలోని పాఠశాల మేడ మీద పెట్టుకుంటే వరద రోజుల్లో ఐదు పడవల అవసరం రెండు పడవలకు తగ్గిపోతుంది.

ఈ లెక్కను బట్టే మూడవ గడికి గడువు వుందని చెప్పవలసి వస్తున్నది. భద్రాచలం వద్ద మూడవ హెచ్చరిక దాటిన గంటలోనే "రేపటి అవసరం" అని రాస్తే ట్రాక్టర్లతో పని జరుగుతుంది. ధవళేశ్వరంలో మూడవ హెచ్చరిక ఇచ్చాక రాస్తే అదే పనికి పడవలు కావాలి. ఏటిగట్లకు గండ్లు పడతాయేమోనన్న భయం మొదలయ్యాక రాస్తే హెలికాప్టరు తప్ప మార్గం వుండదు. కావలసిన వస్తువు ఒకటే. అడిగిన సమయాన్ని బట్టి ఖర్చు, కష్టం పెరుగుతాయి.

2022లో కోనసీమకు మరొక చిక్కు కూడా వుంది. ఆ ఏడాది ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. వంద రోజులు దాటీ దాటకముందే వరద వచ్చింది. పాత తూర్పు గోదావరిలో కాకినాడలో వుండే కలెక్టరు అమలాపురానికి దగ్గరయ్యారు. ఇది మేలు. అయితే ఏ రేవులో ఎవరి పడవ వుంది, ఏ గ్రామంలో మేడ వున్న పాఠశాల వుంది అన్న జాబితాలు అధికారి వెంట రావు, అనుభవం వున్న గుమాస్తాల దగ్గర వుంటాయి. జిల్లాలు విడిపోయినా, కలిసినా ఆ జాబితాలు రేవుతో పాటు వుండాలి.

ఎవరిని ఏమి అడగాలి?

మూడవ గడిలో వున్నవన్నీ రాష్ట్రాన్ని అడగవలసినవి కావు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం జిల్లా యంత్రాంగానికి గణనీయమైన అధికారాలు ఇచ్చింది. 65వ సెక్షను ప్రకారం రక్షణకు, సహాయానికి అవసరమైన వాహనాలను, వనరులను, ఆవరణలను స్వాధీనం చేసుకుని వాడుకోవచ్చు. దానికి పరిహారం చెల్లించాలని 66వ సెక్షను చెబుతున్నది. అత్యవసర కొనుగోళ్ళకు టెండర్లు పిలవనక్కరలేదని 50వ సెక్షను వీలు కల్పించింది. ట్రెజరీ నిబంధన 27 కింద బిల్లు తరువాత పెట్టే పద్ధతిలో డబ్బు డ్రా చేసే ఆనవాయితీ కలెక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు.

కనుక మత్స్యకారుల పడవలు, ట్రాక్టర్లు, గడ్డి, బియ్యం, కల్యాణ మండపాలు జిల్లాలోనే సమకూర్చుకోవలసినవి. జాతీయ విపత్తు స్పందన దళం, నౌకాదళ హెలికాప్టర్లు, పక్క జిల్లాల వైద్య బృందాలు రాష్ట్రం ద్వారా రావలసినవి. ఈ రెండు జాబితాలను కలిపి రాసినప్పుడు రెండు నష్టాలు జరుగుతాయి. జిల్లా తాను చేసుకోవలసిన పనికి పైవారి కోసం ఎదురు చూస్తుంది. పైవారు అసలు పంపవలసినది ఆ జాబితాలో ఎక్కడో అడుగున పడిపోతుంది.

జాతీయ దళం బృందం అంటే సుమారు 45 మంది. వారు వచ్చినంత మాత్రాన పని ముగిసిపోదు. ఏ పాయలో సుడి వుంది, ఎక్కడ ఇసుక మేట కింద చెట్టు మొద్దు వుంది అన్నది వారికి తెలియదు. ప్రతి పడవలో స్థానిక సరంగు ఒకరు వుండాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదం తరువాత గోదావరి మీద పడవ అంటే ఎంత జాగ్రత్త అవసరమో ఎవరికీ చెప్పనక్కరలేదు. లైఫ్ జాకెట్లు లేని పడవను, చీకటి పడ్డాక నడిపిన పడవను "ఏర్పాటు చేసిన పడవ"గా లెక్కించరాదు.

అందుకే రెండవ భాగంలోని క్రియాపదాలను జాగ్రత్తగా చదవాలి. "ఆదేశించడమైనది", "సిద్ధంగా వుంచడమైనది", "పంపడమైనది", "చేరినది" అన్న నాలుగు మాటల మధ్య ఒక పగలంతా గడిచిపోవచ్చు. చివరి మాట లేని చర్యను ఇంకా జరగని చర్యగానే భావించి, దానిని మూడవ గడిలో మళ్ళీ రాయాలి.

తప్పు లెక్కను గుర్తించడం

కంట్రోల్ రూములో కూర్చున్న అధికారి గ్రామానికి వెళ్ళకుండానే కొన్ని తప్పులను పట్టుకోవచ్చు. వరద రెండు అడుగులు పెరిగినా ఒక మండలం నుంచి నిన్నటి సంఖ్యలే వస్తే, అక్కడ ఎవరూ కొత్తగా లెక్కించలేదని అర్థం. అన్ని గ్రామాలకూ 500, 1,000 అన్న నిండు సంఖ్యలే వుంటే అవి అంచనాలు. కేంద్రంలో 300 మంది అని రాసి వంటకు తీసిన బియ్యం వంద మందికి సరిపోయేంత మాత్రమే వుంటే రెంటిలో ఒకటి తప్పు. ఒక పూట ఒకరికి 150 గ్రాముల బియ్యం అనుకున్నా 300 మందికి 45 కిలోలు కావాలి కదా.

మరొక గుర్తు మౌనం. చాలా గ్రామాల నుంచి విన్నపాలు వస్తూ ఒక గ్రామం నుంచి ఏమీ రాకపోతే అక్కడ అంతా క్షేమమని అనుకోవడం పొరపాటు. కరెంటు పోయి, ఫోన్లు పనిచేయక మాట చేరలేదేమో చూడాలి. లంకల్లో ముందుజాగ్రత్తగా విద్యుత్తు ఆపివేస్తారు. రెండవ రోజుకు ఫోన్లలో చార్జింగు అయిపోతుంది. అటువంటి గ్రామాన్ని నివేదికలో "సమాచారం లేదు" అని విడిగా చూపించి, మొదటి పడవను అక్కడికే పంపాలి. సున్నా అని రాయడం అన్నింటికంటే ప్రమాదకరం.

నీరు తీశాక

వరద తగ్గుముఖం పట్టగానే నివేదికలు కూడా చిన్నవి అవుతాయి. అవసరాలు తగ్గవు, మారతాయి. ఇళ్ళలో మడ్డి, బురద, పాములు, తడిసిన కరెంటు తీగలు వుంటాయి. బావులు కలుషితమై వుంటాయి. అప్పుడు "టన్నుల కొద్దీ బ్లీచింగ్ పౌడరు కావాలి" అన్న కోరిక వస్తుంది. ఇది కూడా లెక్క కట్టి అడగవలసినదే. తేట నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు సరిపోతుంది. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీరు వున్న బావిలో సుమారు 28 వేల లీటర్లు వుంటాయి. దానికి 70 గ్రాములు. మురికి నీటికి కొన్ని రెట్లు ఎక్కువ వేసినా అర కిలో లోపు.

వంద బావులకు కలిపి ఒక బస్తా, రెండు బస్తాలు చాలు. కొరత వచ్చేది పౌడరుకు కాదు. బావి బావికి తిరిగి, ముందుగా బురద నీరు తోడించి, పౌడరు కలిపి, గంట ఆగి, నీటిలో క్లోరిన్ నిలిచిందో లేదో పరీక్షించే మనిషికి. ఆ మనుషుల సంఖ్య, వారి దగ్గర వుండవలసిన పరీక్ష పరికరాల సంఖ్య మూడవ గడిలో అరుదుగా కనిపిస్తాయి. తడి తగిలిన గదిలో నెలల తరబడి పడి వున్న పౌడరుకు బలం వుండదు కనుక పరీక్ష లేకుండా చల్లిన పౌడరు ముగ్గు పిండితో సమానం.

పంట నష్టం లెక్క కూడా అప్పుడే మొదలవుతుంది. విపత్తు సహాయ నిబంధనల ప్రకారం 33 శాతం, ఆ పైన నష్టపోయిన పంటకే పెట్టుబడి రాయితీ వస్తుంది. లంకల్లో అరటి, కంద, కూరగాయలు ముంపు తగ్గిన రోజున పచ్చగానే కనిపించి, వేరు కుళ్ళి వారం తరువాత పడిపోతాయి. తొందరపడి తీసిన లెక్కలో ఆ రైతు వుండడు. నీరు తీసిన మర్నాడే కాక మరి కొన్ని రోజులకు రెండవసారి చూడడానికి ఎంతమంది వ్యవసాయ, ఉద్యాన శాఖల సిబ్బంది కావాలో అన్నది కూడా ఒక అవసరమే. అది కూడా ఆ గడిలోనే వుండాలి.

గోదావరి వరదను ఎవరూ ఆపలేరు. అది ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఒక రోజు ముందు తెలుసుకోవడానికి భద్రాచలంలో కొలబద్ద వుంది. ఎంతమంది లంకలోనే వుండిపోతారో చెప్పడానికి గ్రామంలో పెద్దలు వున్నారు. ఆ రెండు సంఖ్యలను కలిపి, ఫలానా రేవుకు, ఫలానా గంటకు, ఇన్ని అని రాసే అధికారి వున్న మండలంలో ట్రాక్టర్లు ముందు రోజే కదులుతాయి. ప్రతి జూన్‌లో జిల్లాలో జరిగే వరద సన్నాహక సమావేశాల్లో పడవలు ఎన్ని వున్నాయని అడగడంతో పాటు, ప్రతి లంకకూ ఇటువంటి లెక్క ఒకటి కాగితం మీద సిద్ధంగా వుందా అని అడగవలసి వున్నది.